అప్‌డేట్ సగంలో ఆగితే ఇయర్‌బడ్స్‌కు ఏమవుతుంది?

క్లుప్తంగా: పేరున్న కంపెనీల వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్‌లో కొత్త ఫర్మ్‌వేర్, అంటే వాటి లోపల నడిచే సాఫ్ట్‌వేర్, సాధారణంగా పాతదాని మీద పడదు, పక్కన ఖాళీగా ఉన్న చోటికి చేరుతుంది. అందుకే 30 శాతం దగ్గరో 60 శాతం దగ్గరో ఆగిపోవడం చూడ్డానికి భయం పుట్టించినా చాలాసార్లు నష్టం లేకుండా గడిచిపోతుంది. అసలు జాగ్రత్త కావాల్సింది యాప్ 100 శాతం చూపించాక వచ్చే రెండు మూడు నిమిషాల్లో. ఆగిపోయినప్పుడు మొదట వేచి చూడాలి, తర్వాత కేసులో పెట్టి చార్జింగ్‌కు తగిలించాలి, ఆపైన వెర్షన్ నంబరు చూడాలి. ఫ్యాక్టరీ రీసెట్ వంతు వీటన్నిటి తర్వాతే.

## అప్‌డేట్‌ను వాయిదా వేయలేని రోజులు

హెడ్‌ఫోన్స్ అప్‌డేట్ అంటే ఒకప్పుడు ఈక్వలైజర్‌లో చిన్న మార్పో, బ్యాటరీ శాతం సరిగ్గా చూపించడమో. ‘పాటలు బాగానే వినిపిస్తున్నాయి కదా’ అని వదిలేసినా పెద్దగా పోయేదేమీ ఉండేది కాదు. 2025 జూన్‌లో ఈ లెక్క మారింది. తైవాన్‌కు చెందిన ఎయిరోహా తయారుచేసే బ్లూటూత్ చిప్‌లలో మూడు లోపాలున్నాయని జర్మనీకి చెందిన ఈఆర్ఎన్‌డబ్ల్యూ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. ఈ చిప్‌లు పలు పెద్ద బ్రాండ్ల హెడ్‌ఫోన్స్‌లో ఉన్నాయి. బ్లూటూత్ అందేంత దూరంలో ఉన్న వ్యక్తి, పెయిరింగ్ చేయకుండానే, ఆ హెడ్‌ఫోన్స్ మెమరీని చదవగలిగే పరిస్థితి అది. 2026 జనవరిలో బెల్జియంలోని కేయూ లూవెన్ పరిశోధకులు, హెడ్‌ఫోన్స్‌ను ఫోన్‌కు చిటికెలో జతచేసే గూగుల్ ఫాస్ట్ పెయిర్‌ను కొన్ని కంపెనీలు అమలుచేసిన తీరులో మరో లోపం చూపించారు. దానికి విస్పర్‌పెయిర్ అని పేరు పెట్టారు.

రెండింటికీ మందు ఫోన్‌లో లేదు. ఫోన్‌లో ఫాస్ట్ పెయిర్ ఆపేసినా హెడ్‌ఫోన్స్‌లో ఉన్న లోపం అలాగే ఉంటుంది. తయారీదారు పంపే ఫర్మ్‌వేర్ హెడ్‌ఫోన్స్‌లోకి చేరాల్సిందే. దాంతో ఇంతకాలం యాప్ కూడా ఇన్‌స్టాల్ చేయనివాళ్లు ఇప్పుడు అప్‌డేట్ బటన్ నొక్కుతున్నారు. మధ్యలో ఫోన్ మోగితేనో, యాప్ మూసుకుపోతేనో కంగారు పడుతున్నారు.

## ఇల్లు కట్టే రెండు పద్ధతులు

ఇయర్‌బడ్‌లో ఫర్మ్‌వేర్ ఉండేది ఫ్లాష్ మెమరీలో. దీని స్వభావం తెలిస్తే సగం భయం పోతుంది. ఫ్లాష్‌లో పాత అక్షరం మీద కొత్త అక్షరం రాయడం కుదరదు. ముందు ఒక గడిని మొత్తంగా చెరపాలి, ఆ తర్వాతే అందులో రాయాలి. సాధారణంగా ఒక్కో గడి 4 కేబీ. చెరిపాక, రాయకముందు కరెంటు పోతే ఆ గడిలో పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు.

మరి మధ్యలో ఆగినా బడ్ బతికి ఉండటం ఎలా? పాత ఇల్లు కూల్చి అదే స్థలంలో కొత్తది కట్టేవాళ్లు కట్టుబడి ఆగితే రోడ్డున పడతారు. పక్క స్థలంలో కొత్త ఇల్లు కట్టి, గృహప్రవేశం అయ్యాక పాతది ఖాళీ చేసేవాళ్లకు ఆ బాధ లేదు. ఫ్లాష్‌లోనూ ఇవే రెండు పద్ధతులు. ఖరీదైన మోడళ్లలో ఫర్మ్‌వేర్‌కు రెండు స్థలాలు ఉంటాయి, వాటిని స్లాట్ ఎ, స్లాట్ బి అనుకుందాం. ప్రస్తుతం నడుస్తున్నది ఎ అయితే కొత్తది బి లోకి వస్తుంది. ఏ స్లాట్ నుంచి మొదలవ్వాలో చెప్పే చిన్న గుర్తు మరోచోట ఉంటుంది. బి లోకి మొత్తం చేరి, తనిఖీలో నెగ్గేదాకా ఆ గుర్తు ఎ వైపే చూపిస్తుంది.

రెండు స్లాట్లకు మెమరీ దాదాపు రెట్టింపు కావాలి. ధర తగ్గించాలనుకున్న తయారీదారు ఒక్క స్లాట్‌తో సరిపెడతాడు. అక్కడ ముందుగా చిన్న సహాయక ప్రోగ్రామ్ ఒకటి బడ్‌లోకి వెళ్లి, పాత ఫర్మ్‌వేర్‌ను చెరుపుతూ కొత్తది రాస్తుంది. ఈ పద్ధతిలో మధ్యలో తెగితే బడ్ మామూలుగా ఆన్ అవ్వదు. ఆ సహాయక ప్రోగ్రామ్ చెక్కుచెదరకుండా ఉంటే యాప్ మళ్లీ దాన్ని పట్టుకుని పని పూర్తి చేయగలదు, లేకపోతే సర్వీస్ సెంటరే దిక్కు. ఏ మోడల్‌లో ఏ పద్ధతి ఉందో డబ్బా మీద రాసి ఉండదు. అయితే ఒక ఆనవాలు ఉంది. అప్‌డేట్ జరుగుతుండగా బడ్స్ ఇంకా పాత వెర్షన్‌తో పనిచేస్తూ, తాకితే స్పందిస్తూ ఉంటే రెండు స్లాట్లు ఉన్నాయని దాదాపు నమ్మొచ్చు. అప్‌డేట్ మొదలవగానే తెగిపోయి, బ్లూటూత్ జాబితాలో వేరే పేరుతో మళ్లీ కనిపిస్తే ఒంటి స్లాట్ అయ్యే అవకాశం ఎక్కువ.

## 38 శాతం దగ్గర కాల్ వచ్చింది

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫర్మ్‌వేర్ పరిమాణం 1.8 ఎంబీ. ఫోన్‌లో పాట డౌన్‌లోడ్ అయ్యే వేగంతో చూస్తే ఇది రెప్పపాటు పని. కానీ ఇక్కడ ఇంటర్నెట్ వేగానికి పాత్ర లేదు. ఫైల్ అప్పటికే ఫోన్‌లోకి వచ్చేసింది. మిగిలింది ఫోన్ నుంచి బడ్‌కు సాగే ప్రయాణం. తక్కువ శక్తితో నడిచే బ్లూటూత్ లింక్‌లో ఒక్కో ప్యాకెట్ పాత పద్ధతిలో 20 బైట్లు, కొత్త ఫోన్లలో 244 బైట్ల దాకా మోస్తుంది. పెద్ద ప్యాకెట్లయినా దాదాపు 7,400 పంపాలి. ప్రతి గడి చెరిపి రాసేటప్పుడు కొంచెం ఆగాలి. సెకనుకు 6 కేబీ వేగం దక్కిందనుకుంటే 5 నిమిషాలు పడుతుంది. అందిన భాగాన్ని ఒక బడ్ రెండోదానికి విడిగా చేరవేసే మోడల్ అయితే 10 నిమిషాలు. యాప్‌లో గీత చీమలా కదలడానికి కారణం ఇదే. సర్వర్ మందకొడిగా ఉందనుకుని వైఫై మార్చి చూసేవాళ్లు ఉంటారు, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

38 శాతం దగ్గర కాల్ వచ్చింది. మాట వినిపించడానికి బడ్స్‌తో ఫోన్ వేరే రకం లింక్ తెరుస్తుంది. అది ఆలస్యాన్ని సహించదు కాబట్టి రేడియో సమయం ముందుగా దానికే వెళ్తుంది. ఫర్మ్‌వేర్ ప్యాకెట్లు వెనకబడతాయి, యాప్ కొంతసేపు చూసి ‘అప్‌డేట్ విఫలమైంది’ అంటుంది. ఈ క్షణంలో బడ్ లోపల ఉన్నది ఇంతే: స్లాట్ బి లో సుమారు 680 కేబీ కొత్త కోడ్, స్లాట్ ఎ లో పూర్తి పాత కోడ్, ఎ వైపే చూపిస్తున్న గుర్తు. బడ్స్ కేసులో పెట్టి తీస్తే పాత వెర్షన్‌తోనే లేస్తాయి. సగం కట్టిన గోడలు పక్క స్థలంలో ఉన్నాయి, పాత ఇంట్లో కాపురం యథాతథం.

మళ్లీ మొదలుపెడితే కొన్ని యాప్‌లు 38 నుంచే అందుకుంటాయి, కొన్ని సున్నా నుంచి వస్తాయి. చేరిన ముక్కల లెక్క బడ్ గుర్తుపెట్టుకుందా లేదా అన్న దాని మీద అది ఆధారపడుతుంది. సున్నా నుంచి వచ్చినంత మాత్రాన ఏదో పాడైందని కాదు.

## 100 శాతం అయ్యాక

గీత నిండగానే చాలామంది యాప్ మూసేసి పాట పెడతారు. పని అప్పటికి పూర్తయి ఉండదు. చేరిన ఫైల్ మొత్తాన్ని బడ్ ఒకసారి చదివి, లెక్క కట్టి, తయారీదారు ఇచ్చిన లెక్కతో పోల్చుకుంటుంది. ఫైల్ ఆ కంపెనీదేనని రుజువు చేసే డిజిటల్ సంతకం ఉంటే అదీ సరిచూస్తుంది. తర్వాత గుర్తును బి వైపు మార్చి, ఆగి మళ్లీ ఆన్ అవుతుంది. ఇక్కడ బ్లూటూత్ కొద్దిసేపు తెగుతుంది. ఇది లోపం కాదు, జరగాల్సిందే.

దీని తర్వాత మరో మెట్టు ఉంది. క్వాల్‌కామ్ చిప్‌లతో సహా కొన్నిటిలో కొత్త ఫర్మ్‌వేర్ మొదటిసారి లేచినప్పుడు అది తాత్కాలికమే. ఫోన్‌లోని యాప్ మళ్లీ కలిసి ‘అంతా సవ్యంగా ఉంది, దీన్నే ఉంచు’ అని చెప్పాలి. ఆ మాట అందకపోతే బడ్ పాత స్లాట్‌కు వెనక్కి వెళ్తుంది. కొత్త ఫర్మ్‌వేర్ లేచి ఫోన్‌తో మాట్లాడలేకపోయినా బడ్ చేజారిపోకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు ఇది. ‘100 శాతం అయింది, కానీ వెర్షన్ మారలేదు, యాప్ మళ్లీ అప్‌డేట్ చేయమంటోంది’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. బడ్స్ తిరిగి కనెక్ట్ అయ్యేలోపే యాప్ మూసేసి ఉంటారు.

బ్యాటరీ ఈ దశలోనే కీలకం. చిన్న బడ్‌లో బ్యాటరీ సామర్థ్యం చాలా మోడళ్లలో 40 నుంచి 60 ఎంఏహెచ్ మధ్య ఉంటుంది. చార్జ్ అడుగంటినప్పుడు వోల్టేజి ఒక్కసారిగా పడిపోతే, రాస్తున్న గడి చెడిపోవచ్చు. యాప్‌లు ‘బ్యాటరీ ఇంత శాతం పైన ఉంటేనే’ అని పట్టుబట్టేది అందుకే. రెండేళ్లు వాడిన బడ్స్‌లో యాప్ 30 శాతం అని చూపినా నిజంగా అంత నిలవకపోవచ్చు. పాత జతకైతే రెండు బడ్స్‌నీ నిండా చార్జ్ చేసి మొదలుపెట్టడమే మేలు.

## ఎడమది కొత్తది, కుడిది పాతది

విడివిడి బడ్స్‌కే పరిమితమైన సమస్య ఒకటుంది. తల మీదుగా వచ్చే పెద్ద హెడ్‌ఫోన్‌లో ఒకటే ప్రధాన చిప్ ఫర్మ్‌వేర్ తీసుకుంటుంది. ఇయర్‌బడ్స్‌లో రెండు వేర్వేరు యంత్రాలు. సరిగ్గా రూపొందించిన వ్యవస్థలో రెండూ ‘నాకు మొత్తం అందింది, తనిఖీ అయింది’ అన్నాకే కలిసి మారతాయి. ఆ గడియలో ఒక బడ్ చెవిలోంచి కేసులోకి వెళ్లినా, దాని బ్యాటరీ అయిపోయినా ఒకటి మారి రెండోది మిగిలిపోవచ్చు.

దీని లక్షణాలు తేలిగ్గా పట్టుకోవచ్చు. ఒక్క చెవిలోనే శబ్దం వస్తుంది. బ్లూటూత్ జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తుంది. యాప్ ఒక బడ్ బ్యాటరీనే చూపిస్తుంది. ఎడమ కుడి వెర్షన్లను విడిగా చూపించే యాప్ అయితే సందేహమే అక్కర్లేదు. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి వెర్షన్ల మధ్య మారి ఉంటే జత కుదరదు. ఇందులో బడ్ పాడవలేదు, దాని తోడుదే వేరే భాష అయింది. రెండింటినీ కేసులో పెట్టి, మూత వేసి, కేసుకు చార్జర్ తగిలించి అరగంట వదిలేస్తే కొన్ని మోడళ్లు వాటంతట అవే సరిచూసుకుంటాయి. అలా జరగకపోతే మారని బడ్‌ను మాత్రమే కేసులోంచి బయటికి తీసి యాప్‌తో అప్‌డేట్ చేయడానికి ప్రయత్నించాలి.

## మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాల పని

ఫోన్ వైపు నుంచి వచ్చే అడ్డంకే అన్నిటికన్నా ఎక్కువ. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి బ్యాటరీ ఆదా పిచ్చి ఎక్కువ. స్క్రీన్ ఆరిన కాసేపటికే వెనక నడుస్తున్న యాప్‌ను ఆపేస్తాయి. పది నిమిషాలు సాగే బదిలీకి ఇది నేరుగా దెబ్బ. ఆ యాప్‌కు ఆంక్ష తీసేయాలి. ఫోన్‌ను బట్టి పేర్లు కాస్త మారినా దారి ఇలా ఉంటుంది:

```
Settings > Apps > (హెడ్‌ఫోన్ యాప్) > Battery > Unrestricted
```

ఆండ్రాయిడ్ 12 నుంచి `Nearby devices` అనుమతి, అంతకుముందు వాటిలో లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే యాప్‌కు బడ్స్ కనిపించకపోవచ్చు. ఇదంతా చేసినా స్క్రీన్ వెలుగుతూ, యాప్ ముందు ఉండేలా చూడటం మంచిది. ఐఫోన్‌లోనూ ఇదే మాట.

ఒకేసారి రెండు పరికరాలకు కలిసే హెడ్‌ఫోన్ అయితే ల్యాప్‌టాప్ బ్లూటూత్ ఆపాలి. లేకుంటే ల్యాప్‌టాప్‌లో వచ్చే నోటిఫికేషన్ చప్పుడు కూడా రేడియోను లాక్కుంటుంది. డు నాట్ డిస్టర్బ్ పెట్టినా కాల్ బడ్స్‌కు రాకుండా ఉంటుందన్న భరోసా లేదు. కాల్స్ తప్పనిసరి అయితే మరో ఫోన్‌తోనో, ట్యాబ్‌తోనో అప్‌డేట్ చేసుకోవచ్చు. చెవిలోంచి తీస్తే ఆగిపోయే సౌకర్యం, కాసేపటికి ఆరిపోయే సౌకర్యం ఉంటే ఆ పూటకు ఆపేయాలి. బడ్స్ కేసులో ఉండాలా, చెవిలో ఉండాలా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. యాప్ ఏది అడిగితే అదే. మధ్యలో మూత తెరవడం, వేయడం చేయకూడదు.

అన్నిటికన్నా ముందు, ఇప్పుడున్న వెర్షన్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. ఏదైనా తేడా వచ్చినప్పుడు అసలు ఏం మారిందో తేల్చేది అదొక్కటే.

ఎయిర్‌పాడ్స్ కథ వేరు. అక్కడ బటనూ లేదు, శాతమూ కనిపించదు. కేసులో పెట్టి, కేసుకు చార్జర్ తగిలించి, ఇంటర్నెట్ ఉన్న ఐఫోన్ పక్కన కనీసం అరగంట మూత వేసి ఉంచితే అప్‌డేట్ దానంతట అదే జరుగుతుంది. ఆగినా కంటికి కనిపించదు కాబట్టి కంగారూ లేదు. వెర్షన్ మారిందో లేదో బ్లూటూత్ సెట్టింగ్స్‌లో పేరు పక్కనున్న `i` గుర్తు నొక్కి చూసుకోవడమే. ఆండ్రాయిడ్ ఫోన్‌తో మాత్రమే వాడేవాళ్లకు ఈ దారి లేదు, ఎవరిదైనా ఆపిల్ పరికరం అరువు తెచ్చుకోవాలి.

## ఆగిపోయినప్పుడు చేయాల్సిన వరుస

గీత కదలడం లేదంటే మొదటి పని ఏమీ చేయకపోవడం. 20 నుంచి 30 నిమిషాలు వదిలేయాలి. తనిఖీ జరిగేటప్పుడు గీత ఒకేచోట నిలిచిపోవడం మామూలే. ఆ సమయంలో బడ్‌ను బలవంతంగా ఆపడమే అసలు ప్రమాదం.

అరగంట దాటినా కదలకపోతే యాప్ పూర్తిగా మూసి, బడ్స్ కేసులో పెట్టి చార్జింగ్‌కు తగిలించాలి. చాలా మోడళ్లలో కేసు పిన్నులు తగలగానే బడ్ కొత్తగా మొదలవుతుంది. పిన్నుల దగ్గర చెమట మరకలు, చెవి మైనం ఉంటే పొడి గుడ్డతో తుడవాలి. అసలు సమస్య అప్‌డేట్ కాదు, ఆ బడ్ చార్జ్ కాకపోవడమే అని తేలే సందర్భాలు కూడా ఉంటాయి. పావుగంట తర్వాత తీసి యాప్‌లో వెర్షన్ చూడాలి. పాతదే ఉంటే బదిలీ దశలో ఆగినట్టు, మళ్లీ మొదలుపెట్టొచ్చు. కొత్తది ఉంటే పని అయిపోయినట్టు, యాప్‌కు మాత్రమే తెలియలేదు. రెండు బడ్స్‌లో వేర్వేరు వెర్షన్లు కనిపిస్తే పైన చెప్పిన జత సమస్య. అసలు కనెక్టే కాకపోతే ఫోన్ బ్లూటూత్ జాబితాలోంచి ఆ పేరు తీసేసి, కొత్తగా పెయిర్ చేసి చూడాలి. ఫర్మ్‌వేర్ మారాక ఫోన్ గుర్తుపెట్టుకున్న పాత వివరాలు సరిపోకపోవడం తరచూ జరిగేదే.

ఇక్కడిదాకా ఏదీ ఫలించకపోతేనే రీసెట్. అందులోనూ రెండు రకాలు ఉన్నాయి. సోనీ సహాయ పత్రాల్లో వీటిని విడిగా చెబుతారు. ఒకటి కేవలం చిప్‌ను ఆపి మళ్లీ నడిపిస్తుంది, పెయిరింగ్ పోదు. రెండోది పెయిరింగ్, సెట్టింగ్స్ తుడిచేసి ఫ్యాక్టరీ స్థితికి తెస్తుంది. మొదటిదానితో మొదలుపెట్టాలి.

‘ఫ్యాక్టరీ స్థితి’ అనే మాట ఇక్కడ బాగా తప్పుదారి పట్టిస్తుంది. కొన్ననాటి ఫర్మ్‌వేర్ వెనక్కి వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. రీసెట్ తుడిచేది సెట్టింగ్స్ ఉన్న చిన్న భాగాన్నే, ఫర్మ్‌వేర్ స్లాట్ల జోలికి పోదు. కాబట్టి సగం రాసిన ఫర్మ్‌వేర్‌ను రీసెట్ బాగుచేయదు. కొత్త ఫర్మ్‌వేర్ నచ్చకపోతే పాతదానికి తీసుకెళ్లదు కూడా. 2019లో బోస్ క్యూసీ35 టూ హెడ్‌ఫోన్స్‌లో 4.5.2 వెర్షన్ తర్వాత నాయిస్ క్యాన్సిలేషన్ తగ్గిందని వినియోగదారులు పెద్ద ఎత్తున ఫిర్యాదు చేశారు. కంపెనీ విచారణ జరిపి ఫర్మ్‌వేర్ కారణం కాదని తేల్చింది. వాదన ఎటు తేలినా, చాలా కంపెనీలు పాత వెర్షన్‌కు వెళ్లే దారి మూసే ఉంచుతాయి. లోపం ఉన్న పాత వెర్షన్‌ను ఎవరైనా తిరిగి ఎక్కించకుండా అడ్డుకోవడం దీనికి ఒక న్యాయమైన కారణమే, కానీ వాడేవాళ్ల చేతులు కట్టేసినట్టవుతుందన్నదీ నిజమే.

యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి బాగుచేయొచ్చా అన్న ప్రశ్న సహజం. బోస్ కొన్ని మోడళ్లకు `btu.bose.com` ద్వారా ఆ వీలు ఇచ్చింది. చాలా బడ్స్ కేసుల్లో మాత్రం ఆ రంధ్రం చార్జింగ్‌కే, డేటా తీగలు లోపలికి వెళ్లవు. ఎక్కడో దొరికిన ఫర్మ్‌వేర్ ఫైల్‌ను, ఎవరో ఇచ్చిన టూల్‌తో ఎక్కించే ప్రయత్నం వద్దు. ఒకే పేరుతో అమ్మే చవక మోడల్‌లో కూడా బ్యాచ్ మారితే చిప్ మారుతుంది. వేరే చిప్ ఫైల్ పడితే అప్పటిదాకా బతికున్న బడ్ కూడా పోతుంది.

## సర్వీస్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు

పూర్తిగా చార్జ్ అయిన బడ్, కేసులోంచి తీసినా లైటు వెలగక, బ్లూటూత్‌లో కనిపించక, ఏ శబ్దమూ చేయకపోతే ఇంటి వైద్యం అక్కడితో ఆపాలి. కంపెనీ సొంత యాప్ పంపిన సొంత ఫర్మ్‌వేర్ వల్ల ఆగిన పరికరానికి వాడినవాళ్లది తప్పు అనడం కష్టం. వారంటీలో ఉంటే ఆ మాట స్పష్టంగా అడగాలి. ఆగిన చోటి స్క్రీన్‌షాట్, ముందు తీసిన వెర్షన్ నంబరు, బిల్లు చూపిస్తే వాదన తగ్గుతుంది. నీళ్లు తగిలాయనో, కింద పడిందనో తోసిపుచ్చితే రాతపూర్వకంగా ఇవ్వమనాలి. ఆ కాగితం చేతిలో ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయడం సులువు.

పోయింది ఒక్క బడ్డే అయినా రెండూ, కేసుతో సహా తీసుకెళ్లాలి. ఒక్కటే మార్చి ఇస్తే కొత్తగా వచ్చినదాని ఫర్మ్‌వేర్ మన దగ్గరున్న దానితో సరిపోకపోవచ్చు. కౌంటర్ దగ్గరే రెండూ కలిసి మోగుతున్నాయా, యాప్‌లో రెండు వైపులా ఒకే వెర్షన్ ఉందా చూసుకుని బయటికి రావాలి. తేడా ఉంటే రెండింటినీ కేసులో పెట్టి, చార్జింగ్‌లో ఉంచి, వెర్షన్లు ఒకటయ్యాక మళ్లీ పెయిర్ చేయాలి.